నాలుగు ట్రేడ్లు, ఒక్కోదాంట్లో ఒక శాతం రిస్క్: ఈ లెక్క సరైనదేనా?

మెల్‌బోర్న్_మాధవి

నమస్తే అండీ. ఖాతాలో 10,000 అమెరికన్ డాలర్లున్నాయి. బ్రోకర్‌కి ఆస్ట్రేలియా లైసెన్స్ ఉంది, మేజర్ జతలకి 30 రెట్ల లెవరేజ్. ఇప్పుడు తెరిచి ఉన్నవి ఇవి:

యూరో–డాలర్ బై, 0.20 లాట్, ధర 1.0800, స్టాప్ 50 పిప్‌లు
పౌండ్–డాలర్ బై, 0.16 లాట్, ధర 1.2700, స్టాప్ 62 పిప్‌లు
ఆసీ–డాలర్ బై, 0.25 లాట్, ధర 0.6600, స్టాప్ 40 పిప్‌లు
డాలర్–ఫ్రాంక్ సెల్, 0.20 లాట్, ధర 0.8800, స్టాప్ 44 పిప్‌లు

ఏ స్టాప్ తగిలినా పోయేది దాదాపు 100 డాలర్లే. నాలుగు చార్టులూ వేరు, నాలుగింట్లోకీ దిగిన కారణాలూ వేరు. మార్జిన్ కూడా పావు వంతు మీద కొంచెం వాడుకుంది, అంతే. కానీ ఇంకో గ్రూపులో ఒకాయన చూసి "ఇవి నాలుగు కాదు, ఒకటే ట్రేడ్" అన్నారు. అందులో ఎంత నిజముంది? నిజమే అయితే లాట్లు ఎంతకి తగ్గించాలి?

విశాఖ_పిప్స్

మరీ భయపెట్టారండీ మిమ్మల్ని. స్టాప్‌లు పెట్టారు కదా. రెండు జతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కోరిలేషన్ ఉన్నా లేకపోయినా నాలుగు వందలు నాలుగు వందలే, అంతకు మించి పోదు. పైగా 0.7 కోరిలేషన్ అంటే నూటికి డెబ్బై సార్లే కలిసి నడుస్తాయి, మిగతా ముప్పై సార్లు ఒకటి మిమ్మల్ని కాపాడుతుంది. 0.5 లేదా అంతకంటే తక్కువుంటే ఆ జతని పట్టించుకోనే అక్కర్లేదు.

ట్రెజరీ_మూర్తి

విశాఖ గారూ, స్టాప్ పెట్టిన ధరకే నిండుతుందనుకుంటే 400 మించదన్న మాట ఒప్పుకుంటాను. మిగతా రెండూ ఒప్పుకోలేను.

మాధవి గారూ, ముందు కోరిలేషన్ సంగతి పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని జతల పేర్లు కాకుండా కరెన్సీల పేర్లు రాయండి. ప్రతి ట్రేడ్‌లోనూ ఒకటి కొని ఇంకోటి అమ్ముతున్నాం. యూరో 20,000 కొన్నారు, అంటే డాలర్లు 21,600 అమ్మారు. పౌండ్లు 16,000 కొన్నారు, డాలర్లు 20,320 అమ్మారు. ఆసీ 25,000 కొన్నారు, డాలర్లు 16,500 అమ్మారు. డాలర్–ఫ్రాంక్ సెల్ అంటే నేరుగా 20,000 డాలర్లు అమ్మడమే. కూడితే 78,420. మీ పదివేల ఖాతా మీద ఏడున్నర రెట్లకు పైగా డాలర్ అమ్మకం నిలిచి ఉంది. కొనుగోలు వైపు నాలుగు పేర్లున్నాయి, అమ్మకం వైపు ఒక్కటే పేరు. ఆ గ్రూపులో ఆయన చెప్పింది ఇదే.

ఇప్పుడు స్టాప్‌ల దూరాన్ని పిప్‌లలో కాకుండా శాతంలో చూడండి. యూరోకి 0.46, పౌండ్‌కి 0.49, ఫ్రాంక్‌కి 0.50, ఆసీకి 0.61. డాలర్ అన్నిటి మీదా సుమారు 0.6 శాతం బలపడితే చాలు, నాలుగు స్టాప్‌లూ ఒకే గంటలో తెగుతాయి. అమెరికా ఉద్యోగాల నివేదిక వచ్చే శుక్రవారం ఆ మాత్రం కదలికకి కొన్ని నిమిషాలు చాలు.

ఇక "0.5 అయితే పట్టించుకోనక్కర్లేదు" అన్న మాట. ఒక్కో ట్రేడ్‌కి గెలుపోటములు సగం సగం అనుకుందాం. నాలుగింటికీ ఏ సంబంధమూ లేకపోతే నాలుగూ కలిసి ఓడేది 16 సార్లలో ఒకసారి. ప్రతి రెంటి మధ్యా 0.5 కోరిలేషన్ ఉంటే, మామూలు గంట ఆకారపు పంపిణీ లెక్కలో అది 5 సార్లలో ఒకసారి అవుతుంది. 0.7కి ఇంకా ఎక్కువ. పోయేది 400కి మించకపోవచ్చు, కానీ ఆ 400 పోవడం మీరనుకున్న దానికి మూడింతల కంటే తరచుగా జరుగుతుంది. దాచిన రిస్క్ అంటే ఇదే. ఏ ఒక్క ట్రేడ్‌ని విప్పి చూసినా కనపడదు.

0.7 అంటే డెబ్బై శాతం సార్లు కలిసి నడవడం కాదు. దిశ ఎన్నిసార్లు కలుస్తుందో, ఎంత దూరం కదులుతుందో ఆ అంకె నేరుగా చెప్పదు.

షార్జా_శీను

మంచి చర్చ. నాదీ ఇలాంటిదే అనిపిస్తోంది. జీతం దిర్హమ్‌లలో వస్తుంది. అంతా ఒకే కరెన్సీలో ఉంచకూడదని సగం డాలర్లలోకి మార్చి పెట్టా. రూపాయి పడినప్పుడు పంపించుకుందామని. దీన్ని డైవర్సిఫికేషన్ అంటారు కదా?

ట్రెజరీ_మూర్తి

శీను గారూ, మాధవి గారు అడుగుతున్నది తెరిచి ఉన్న ట్రేడ్ల గురించి, మీది దాచుకున్న డబ్బు. అయినా జవాబు చిన్నదే. దిర్హమ్‌ని డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేశారు. సౌదీ రియాల్ 3.75 దగ్గర. రూపాయి వైపు నుంచి చూస్తే మీ రెండు సగాలూ ఒకటే. మార్చుకున్నప్పుడు ఎక్స్ఛేంజ్ హౌస్ తీసుకున్న మార్జిన్ ఒక్కటే మీకు కొత్తగా అయిన ఖర్చు.

షార్జా_శీను

ఓహో. సరే, చదువుతూ ఉంటా.

కరీంనగర్_సతీష్

మూర్తి సార్, ఒక డౌట్. అన్నీ డాలర్ అమ్మకమే అయితే, ఒకదాన్ని తిప్పేస్తే సరిపోతది కదా? యూరో–డాలర్ బై అట్లనే ఉంచి, డాలర్–ఫ్రాంక్ సెల్ తీసేసి బై పెడితే? ఆ రెండూ ఎప్పుడూ ఎదురెదురు నడుస్తయ్. ఒకటి పోతే ఇంకోటి వస్తది. రిస్క్ సున్నా.

ట్రెజరీ_మూర్తి

సతీష్, నీ హెడ్జ్‌ని కూడా అదే కాగితం మీద రాయి. యూరో కొన్నావు, డాలర్ అమ్మావు. డాలర్ కొన్నావు, ఫ్రాంక్ అమ్మావు. మధ్యలో డాలర్ దాదాపు కొట్టుకుపోయింది. మిగిలింది యూరో కొనుగోలు, ఫ్రాంక్ అమ్మకం. రిస్క్ సున్నా కాలేదు, నువ్వు ఎప్పుడూ తెరవని యూరో–ఫ్రాంక్ ట్రేడ్ ఒకటి నీ ఖాతాలో కూర్చుంది. దానికి చార్టు చూడలేదు, స్టాప్ పెట్టలేదు.

ఇది ఎంత ప్రమాదమో 2015 జనవరి 15న తెలిసింది. స్విస్ నేషనల్ బ్యాంక్ 2011 సెప్టెంబర్ 6 నుంచి యూరోని 1.20 ఫ్రాంక్‌ల కంటే కిందకి పోనివ్వబోమని ప్రకటించి, ఫ్రాంక్‌లు అమ్ముతూ యూరోలు కొంటూ ఆ గోడని నిలబెట్టింది. డాలర్–ఫ్రాంక్ ధర అంటే యూరో–ఫ్రాంక్ ధరని యూరో–డాలర్ ధరతో భాగించగా వచ్చేదే. పైన ఉన్న అంకె 1.20 దగ్గర గడ్డకట్టి ఉంటే, కింద యూరో–డాలర్ ఎటు కదిలితే డాలర్–ఫ్రాంక్ దానికి కచ్చితంగా ఎదురు కదలక తప్పదు. గోడకి ఆనుకుని ఉన్న నెలల్లో ఆ రెంటి కోరిలేషన్ మైనస్ ఒకటికి అంటుకుపోవడానికి కారణం ఇదే. అది మార్కెట్ స్వభావం కాదు, ఒక కేంద్ర బ్యాంకు నిర్ణయం ఆ అంకెగా కనిపించింది.

ఆ గురువారం ఉదయం బ్యాంకు గోడ తీసేసింది. నిమిషాల్లో యూరో 1.20 నుంచి ఒక ఫ్రాంక్ కంటే కిందకి పోయింది. నీ "సున్నా రిస్క్" జతలో 20,000 యూరోలు ఉన్నాయనుకో. ఒకటి దగ్గరే బయటపడ్డా పోయేది 4,000 ఫ్రాంక్‌లు. ఆ రోజు ధరకి అది నాలుగు వేల డాలర్లు దాటుతుంది. పదివేల ఖాతాలో నలభై శాతం పైన. స్టాప్‌లు ఉన్నవాళ్లకి కూడా మధ్యలో కొనేవాడే లేక ఎక్కడో కింద నిండాయి. ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే బ్రోకర్ క్లయింట్ల ఖాతాలు మొత్తం మీద సుమారు 225 మిలియన్ డాలర్లు సున్నా కిందకి పోయాయని ఆ సంస్థే ప్రకటించింది.

కాబట్టి కోరిలేషన్ 0.99 కనపడితే ముందు అడగాల్సింది "దీన్ని పట్టి ఉంచింది ఎవరు" అని.

కరీంనగర్_సతీష్

అర్థమైంది సార్. ఇదే లెక్క మనం ఇక్కడ ఎన్ఎస్ఈల చేస్తే? డాలర్–రూపాయి, యూరో–రూపాయి రెండూ తీసుకుంటే?

ట్రెజరీ_మూర్తి

రెండూ కొంటే రూపాయిని రెండుసార్లు అమ్మినట్టు, కాగితం మీద రాస్తే తెలిసిపోతుంది. కానీ 2024 మే 3 నుంచి రూపాయి జతల్లో దిగాలంటే నీకు అసలు విదేశీ మారకపు అవసరం ఉండాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అంచనా వ్యాపారానికి ఆ దారి లేదు. ఇక్కడి నుంచి విదేశీ ఆన్‌లైన్ బ్రోకర్‌కి మార్జిన్ డబ్బు పంపడం విదేశీ మారకపు చట్టం ఫెమా ఒప్పుకోదు. మాధవి గారు ఆస్ట్రేలియాలో ఉన్నారు కాబట్టి ఆవిడ సంగతి వేరు.

లలిత_షీట్

మూర్తి గారి కాగితం లెక్క మొదటి మెట్టు. దానికి పట్టుబడనిది ఒకటుంది. పౌండ్–యెన్ బై, ఆసీ–ఫ్రాంక్ బై పెట్టారనుకోండి. ఒక్క కరెన్సీ కూడా కలవదు, కాగితం మీద శుభ్రంగా కనపడుతుంది. కానీ రెండింట్లోనూ ధైర్యం ఉన్నప్పుడు పెరిగేదాన్ని కొని, భయం వచ్చినప్పుడు అందరూ పరిగెత్తేదాన్ని అమ్మారు. 2024 జూలై 31న జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 0.25 శాతానికి పెంచాక, ఆగస్టు 5 నాటికి యెన్ అప్పుతో తెరిచిన ట్రేడ్లన్నీ ఒకేసారి తెంచుకోవడం చూశాం. జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఆ ఒక్కరోజే 12.4 శాతం పడింది. అలాంటి రోజు ఈ రెండు జతలూ అన్నదమ్ముల్లా పడతాయి. దీన్ని పట్టుకోవాలంటే కోరిలేషనే కావాలి.

మాధవి గారూ, మీ నాలుగింటికీ ఇలా చేయండి. గూగుల్ షీట్‌లో ధరలకి ఒక్కో జతకి రెండేసి నిలువు వరసలు, A నుంచి H దాకా. రోజువారీ మార్పులు I నుంచి L దాకా, నాలుగో అడ్డ వరస నుంచి:

```
=GOOGLEFINANCE("CURRENCY:EURUSD","price",TODAY()-88,TODAY(),"DAILY")
=LN(B4/B3)
=CORREL(I4:I63,J4:J63)
```

రెండో లైనే అసలు కిటుకు. చాలామంది నేరుగా ధరల మీద కోరిలేషన్ కడతారు. రెండు నెలలు రెండూ పైకే నడిచి ఉంటే, రోజువారీ సంబంధం ఏమీ లేకపోయినా 0.9 చూపిస్తుంది. రోజు రోజుకీ వచ్చిన మార్పు మీదే కట్టాలి. మార్పు కట్టేముందే ధరల్ని విలువలుగా అతికించుకుని, శని, ఆదివారాల వరసలు వస్తే తీసేయండి, తేదీలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయో లేదో కళ్లతో ఒకసారి చూడండి. ఒక్క రోజు జారితే అంకె బాగా పడిపోయి మీకు తప్పుడు ధైర్యం ఇస్తుంది.

తర్వాత ఇంకో ట్యాబ్‌లో, F నిలువు వరసలో ఒక్కో ట్రేడ్ రిస్క్ రాయండి. బైకి 100, సెల్‌కి మైనస్ 100. అదే ట్యాబ్‌లో H నుంచి K దాకా కోరిలేషన్ పట్టిక. అప్పుడు:

```
=ArrayFormula(SQRT(SUM(MMULT(TRANSPOSE(F2:F5),MMULT(H2:K5,F2:F5)))))
```

ఉదాహరణకి యూరో–పౌండ్ మధ్య 0.80, యూరో–ఆసీ 0.65, పౌండ్–ఆసీ 0.65 అనుకుందాం. డాలర్–ఫ్రాంక్‌తో యూరోకి మైనస్ 0.85, పౌండ్‌కి మైనస్ 0.70, ఆసీకి మైనస్ 0.55. మీరు ఫ్రాంక్ జతని అమ్మారు కాబట్టి ఆ మైనస్‌లన్నీ ప్లస్‌లవుతాయి. ఫలితం 352 డాలర్లు, నాలుగూ కలిపి చూసిన రిస్క్ ఇది. నాలుగూ నిజంగా వేర్వేరు అయ్యుంటే 200 వచ్చేది. నాలుగూ అచ్చంగా ఒకటే అయితే 400. మీరు 400 పక్కన నిలబడి 200 అనుకుంటున్నారు.

మీరు అడిగిన లాట్ల లెక్క: 200కి దించాలంటే 200ని 352తో భాగించండి, 0.57. యూరో 0.11, పౌండ్ 0.09, ఆసీ 0.14, ఫ్రాంక్ 0.11. లేదూ మొత్తం డాలర్ అభిప్రాయానికి ఒకే ఒక్క శాతం కేటాయించానంటే 0.05, 0.04, 0.07, 0.05.

విశాఖ_పిప్స్

లలిత గారూ, లెక్క బాగుంది, ఒప్పుకుంటా. కానీ అన్నీ కోసుకుని కూర్చోవడం కంటే రెండు తీసేయడం తేలిక కదా? ఫ్రాంక్, పౌండ్ మూసేసి యూరో, ఆసీ పాత సైజులోనే ఉంచితే?

లలిత_షీట్

అది మంచి ఆలోచనేనండీ. 0.65తో, ఒక్కోదానికి వంద చొప్పున కట్టి చూశాను, 182 వస్తుంది. లాట్లు ముట్టుకోకుండానే 200 లోపు. అదే యూరో, ఫ్రాంక్ ఉంచుకుంటే 192, ఎందుకంటే ఆ రెండూ దాదాపు ఒకటే. నాలుగుగా చీల్చడం వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. ఒక చేతి సంచిలోని సామాను నాలుగు సంచుల్లో సర్దినట్టు.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి స్టాప్ దూరాన్నే ఆ జత కదలికకి కొలతగా తీసుకుంటుంది. నాలుగు స్టాప్‌లూ వాటి వాటి సగటు రోజు కదలికకి ఒకే రెట్టుగా ఉంటేనే 352 అన్న అంకెకి అర్థం. ఒకదానికి రోజు కదలికలో సగం, ఇంకోదానికి రెండింతలు పెట్టి ఈ ఫార్ములాలో వేస్తే చెత్తే వస్తుంది.

మెల్‌బోర్న్_మాధవి

చాలా ఉపయోగపడిందండీ. స్టాప్‌లు నాలుగూ రోజు సగటు కదలికలో దాదాపు ఒకే భాగం, అది చూసుకునే పెట్టాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. బ్రోకర్ ఎందుకు హెచ్చరించలేదు? ఇంకోటి, నా షీట్‌లో 60 రోజులకి ఆసీ–యూరో 0.65 దగ్గరే వచ్చింది, 20 రోజులకి 0.30. ఏది నమ్మాలి?

ట్రెజరీ_మూర్తి

బ్రోకర్ మార్జిన్ జతకి జతే విడిగా లెక్కేస్తాడు. 78,420ని 30తో భాగిస్తే 2,614. మీకు కనపడింది అదే. నాలుగూ ఒకే వైపు ఉన్నాయా, ఎదురెదురా అన్నది ఆ లెక్కలోకే రాదు. మార్జిన్ ఖాళీగా ఉండటాన్ని రిస్క్ తక్కువగా ఉండటం అనుకోకండి.

రెండోదానికి, 20 రోజుల అంకెని నేను సైజు పెంచడానికి ఎప్పుడూ వాడను. రెండింట్లో పెద్దదే తీసుకోండి. ఇరవై రోజులంటే ఇరవై చుక్కలే. అసలు సంబంధం 0.65 అయినా, ఊరికే అదృష్టం వల్ల అప్పుడప్పుడు 0.30 కనపడొచ్చు.

లలిత_షీట్

ఇక్కడ మూర్తి గారితో పూర్తిగా ఏకీభవించను. ఆసీ ఊరికే విడిపోదు. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా సమావేశమో, చైనా నుంచి వార్తో, ఇనుప ఖనిజం ధరో ఉంటుంది. ఆ కారణం కళ్లెదురుగా ఉండి ఇంకా కొనసాగుతుంటే 0.30ని పూర్తిగా కొట్టెయ్యక్కర్లేదు. ఎప్పుడూ పెద్దదే పట్టుకుంటే చివరికి దేన్నీ ట్రేడ్ చేయలేం.

ట్రెజరీ_మూర్తి

ఆ కారణం ఎన్నాళ్లుంటుందో ముందే తెలిస్తే ఈ షీట్‌తో పనే లేదు కదమ్మా. నేను చూసేది వేరు. డాలర్ ఎందుకు పెరిగితే ఏమవుతుంది? అమెరికా ద్రవ్యోల్బణం ఎక్కువొచ్చి, వడ్డీ రేట్ల వల్ల డాలర్ పెరిగితే మాధవి గారి నాలుగూ కలిసి ఓడతాయి. భయం వల్ల పెరిగితే ఆసీ, పౌండ్ ముందు పడతాయి, ఫ్రాంక్ డాలర్‌తో సమానంగా నిలబడొచ్చు, ఫ్రాంక్ ట్రేడ్ గెలవనూ వచ్చు. ఒకే పట్టికలో ఒకే అంకె ఈ రెండు రోజులకీ సరిపోదు. అందుకే రెండు పట్టికలు కడతాను, మామూలుది ఒకటి, అన్నీ 0.9 పెట్టి ఒకటి. రెండోదాంట్లో వచ్చిన నష్టం భరించగలిగితేనే రాత్రికి ఉంచుతాను.

విశాఖ_పిప్స్

0.9 పెడితే నాలుగింటికీ 385 వస్తోంది. అంటే ఇంచుమించు నేను మొదట చెప్పిన 400కే వచ్చాం!

ట్రెజరీ_మూర్తి

అంకె అదే. మీరు దాన్ని ఎప్పుడో ఒకసారి వచ్చేదన్నారు, నేను మామూలు శుక్రవారం వచ్చేదంటున్నాను.

మెల్‌బోర్న్_మాధవి

పౌండ్, ఫ్రాంక్ రెండూ మూసేశాను. ఆసీ 0.25 అలాగే ఉంచాలా, వచ్చే మంగళవారం ఆర్‌బీఏ సమావేశం లోపు సగం చేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. యూరో స్టాప్ ముట్టుకోలేదు.

లలిత_షీట్

సమావేశం రోజు ఆసీ సొంత కారణంతో కదులుతుంది, యూరోతో సంబంధం ఆ కాసేపు తగ్గుతుంది. కలిపి చూసే రిస్క్ అప్పుడు తక్కువే. కానీ 40 పిప్‌ల స్టాప్ మొదటి నిమిషంలోనే జారి నిండితే 100 అన్న లెక్క అక్కడ తప్పుతుంది. సగం చేయాలంటే ఆ కారణానికి చేయండి, కోరిలేషన్‌కి కాదు.

కరీంనగర్_సతీష్

మేడం, ఆ 0.9 పట్టికల మైనస్‌లు ఎట్ల పెట్టాలె? ఫ్రాంక్ వరసల మైనస్ 0.9 పెట్టి, F ల కూడా మైనస్ పెడితే రెండుసార్లు తిరుగుతది కదా?

లలిత_షీట్

రెండుసార్లు తిరగాల్సిందే సతీష్. పట్టికలో జత ఎలా నడుస్తుందో అలాగే మైనస్ 0.9, F లో మీరు అమ్మారని మైనస్ 100. గుణిస్తే ప్లస్ అవుతుంది, 385 వస్తుంది. ఏదో ఒకచోటే మైనస్ పెడితే ఫ్రాంక్ ట్రేడ్ మిగతా వాటిని కాపాడుతున్నట్టు 200 దగ్గర ఆగుతుంది. మీకు 385 బదులు 200 కనపడితే గుర్తు తప్పిందని అర్థం.